సిఫారసు కాదు, సాక్ష్యం

మా ఇంట్లో ‘సిఫారసు’ అనే మాటకు ఒకే అర్థం ఉండేది: పలుకుబడి గలవారి చేత ఒక మాట చెప్పించి పని నెరవేర్చుకోవడం. 2022లో నేను ఐదేళ్ళ న్యాయశాస్త్ర కోర్సులో మూడవ సంవత్సరం చదువుతున్నాను. హైకోర్టు న్యాయమూర్తి ఒకరి వద్ద నాలుగు వారాల ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు పెడుతున్నానని, దానికి మా ప్రొఫెసర్ గారి సిఫారసు లేఖ కావాలని చెప్పగానే అబ్బాజాన్ ముఖం చిన్నబోయింది. “అర్హత ఉంటే సిఫారసు ఎందుకు బేటీ?” అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఐదేళ్ళ కోర్సు విద్యార్థి మొత్తం మీద 20 వారాల ఇంటర్న్‌షిప్ పూర్తి చేయాలి. ఏ సంవత్సరంలోనైనా ఏకధాటిగా నాలుగు వారాలకు మించకూడదు. ఆ నాలుగు వారాలు కోర్టులోనే గడపాలన్నది నా కోరిక.

ప్రొఫెసర్ గారికి రెండు పేజీల ఉత్తరం వ్రాశాను. ఆయన బోధనను పొగిడాను, మా ఇంటి ఇబ్బందులు చెప్పుకున్నాను, నేను కష్టపడే విద్యార్థినినని వ్రాసుకున్నాను. మే నెలలో ఇంటర్న్‌షిప్ అనీ, రెండు రోజుల్లో లేఖ ఇప్పించమనీ ముగించాను.

మరునాడు ఆయన ఆ ఉత్తరాన్ని నా చేతికే తిరిగి ఇచ్చారు. “మేలో హైకోర్టుకు వేసవి సెలవులమ్మా. అత్యవసర వ్యాజ్యాల కోసం సెలవుల బెంచీలు మాత్రమే కూర్చుంటాయి. నీవు నేర్చుకునేదేమిటి?” అన్నారు. తర్వాత, “సాక్ష్య చట్టం 60వ సెక్షన్ ఏమంటుంది?” అని అడిగారు.

మౌఖిక సాక్ష్యం ప్రత్యక్షమైనదై ఉండాలని, చూసిన విషయమైతే స్వయంగా చూసినవాడే చెప్పాలని అప్పజెప్పాను. (ఇప్పుడు అమలులో ఉన్న 2023 నాటి సాక్ష్య చట్టంలో అది 55వ సెక్షన్.)

“సిఫారసు లేఖ కూడా నా సాక్ష్యమే. నీ ఇంటి ఇబ్బందులను నేను చూడలేదు. నీ కష్టాన్నీ చూడలేదు, నీవు చెబితే విన్నాను. నేను చూసినదేదో నాకు గుర్తు చెయ్యి” అన్నారు.

ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. ఆయన కళ్ళారా చూసినది నా గొప్పతనం కాదు, నా తప్పు. అంతకు ముందు సంవత్సరం కుటుంబ చట్టం తరగతిలో డానియల్ లతీఫీ కేసు మీద ఒక వ్యాసం సమర్పించాను. ముస్లిం మహిళల విడాకుల చట్టం చెల్లుతుందని 2001లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది గనుక, భర్త బాధ్యత ఇద్దత్ గడువుతోనే ముగుస్తుందని వ్రాశాను. నేను చదివినది తీర్పు కాదు, దాని పైన ప్రచురణకర్తలు ముద్రించే సారాంశంలో రెండు పంక్తులు మాత్రమే. ఆయన ఎర్ర సిరాతో గీత గీసి, “తీర్పు చదివావా?” అని వ్రాశారు. పూర్తిగా చదివితే అర్థం తలక్రిందులైంది. చట్టం చెల్లుతుంది, నిజమే. కానీ భార్య భవిష్యత్తుకు సరిపడే న్యాయమైన ఏర్పాటును భర్త ఇద్దత్ గడువు లోపలే చేయాలని, ఆ ఏర్పాటు ఇద్దత్ రోజులకు మాత్రమే పరిమితం కాదని కోర్టు వివరించింది. వ్యాసాన్ని మళ్ళీ వ్రాసి ఇచ్చాను.

రెండవ ఉత్తరం ఒక్క పేజీ. ఏ తరగతుల్లో ఆయన విద్యార్థినినో, ఎన్ని మార్కులు వచ్చాయో ముందు చెప్పాను. ఆ వ్యాసం రెండు ప్రతులనూ, తప్పుదీ దిద్దినదీ, జతపరిచాను. జూన్ రెండవ వారం నుండి నాలుగు వారాలని తేదీలు వేశాను. లేఖ ఎవరి పేర వ్రాయాలో, ఎప్పటిలోగా చేరాలో చెప్పి మూడు వారాల వ్యవధి ఇచ్చాను. వీలు కాకపోతే నిస్సంకోచంగా కాదనవచ్చని కూడా వ్రాశాను. తెలియని విషయానికి సాక్ష్యమివ్వమని ఎవరినీ ఇరకాటంలో పెట్టకూడదు కదా!

చివర మరొక వాక్యం చేర్చాను. మా మామూజాన్ అదే హైకోర్టులో న్యాయవాది. ఆయన వాదించే కేసు ఏదైనా ఆ న్యాయమూర్తి ముందుకు వస్తే, ఆ ఫైలు నా చేతికి రాకూడదు. దానిని దాచి చేరితే తర్వాత బయటపడినప్పుడు నాతో పాటు, నా గురించి హామీ ఇచ్చిన గురువు గారి మాట కూడా పలుచనవుతుంది. ఆ వాక్యం చదివి ఆయన తల పంకించారు. “ఇది దరఖాస్తులోనూ వ్రాయి” అన్నారు.

ఆయన ఇచ్చిన లేఖలో ‘మేధావి’ అన్న మాట లేదు. సారాంశాన్ని నమ్మి పొరబడిందని, తప్పు చూపగానే మొత్తం తీర్పు చదివి సరిదిద్దుకున్నదని, ఆ తర్వాతి వ్యాసాల్లో ఆ పొరపాటు తనకు కనిపించలేదని వ్రాశారు. నాకు అవకాశం దొరికింది. చేరిన మొదటి రోజు న్యాయమూర్తి గారి సహాయకులు ఒక ఫైలు ఇచ్చి, అందులో ఉదహరించిన తీర్పులను పూర్తిగా చదివి నోట్సు వ్రాయమన్నారు. “సారాంశాలు వద్దు” అని నవ్వారు. లేఖను వారు చదివారని అప్పుడు అర్థమైంది.

ఆ లేఖ నకలును అబ్బాజాన్‌కు చూపించాను. రెండుసార్లు చదివి మడిచి ఇస్తూ, “ఇది సిఫారసు కాదు బేటీ, గవాహీ” అన్నారు.