వానపాములు వాన వెలిశాక ఎందుకు బయటికొస్తాయి?



రాత్రంతా గట్టి వాన పడి తెల్లారితే స్కూల్ బస్సులు ఆగే చోట టైల్స్ మీద వానపాములు కనిపిస్తాయి. బస్సు దిగిన పిల్లల్లో కొందరు కెవ్వుమని పక్కకు గెంతుతారు, కొందరు వంగి పుల్లతో కదిపి చూస్తారు. నేను ఆరు, ఏడు తరగతులకు సైన్స్ చెబుతాను కాబట్టి ఆ రోజు మొదటి పీరియడ్ ఎలాగూ వాటి చుట్టూనే తిరుగుతుంది. ఈసారి ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "మేడమ్, మట్టిలో ఊపిరాడక బయటికొచ్చాయి అంటారు కదా. బయట బోలెడంత గాలి ఉంది. మరి ఇక్కడికొచ్చాక ఎందుకు చచ్చిపోతున్నాయి?"

గైడ్లలో ఈ ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు ఉంటుంది: వాన నీరు బొరియల్లో నిండటం వల్ల శ్వాస అందక బయటికి వస్తాయి. ఇది తప్పు కాదు. కానీ ఈ ఒక్క వాక్యంతో ఆ అమ్మాయి ప్రశ్న తీరదు.

ముందు వానపాము ఎలా ఊపిరి పీలుస్తుందో చూద్దాం. దానికి ఊపిరితిత్తులు లేవు, మొప్పలూ లేవు. ఒళ్లంతా ఉన్న పల్చటి చర్మమే దాని ముక్కు. ఆ చర్మం ఎప్పుడూ తడిగా ఉండాలి. ఆక్సిజన్ ముందు ఆ తడిలో కరిగి, తర్వాత చర్మం గుండా రక్తంలోకి చేరుతుంది. మామూలు రోజుల్లో మట్టి రేణువుల మధ్య ఉండే సందుల్లో గాలి ఉంటుంది, ఊపిరికి లోటుండదు. గట్టి వాన పడితే ఆ సందుల్లో గాలి పోయి నీరు చేరుతుంది. నీటిలో ఆక్సిజన్ ఒకచోటి నుంచి ఇంకో చోటికి వ్యాపించే వేగం గాలిలో కన్నా సుమారు 10,000 రెట్లు తక్కువ. పైగా మట్టిలో వేర్లు, సూక్ష్మజీవులు కూడా అదే ఆక్సిజన్‌ను వాడుకుంటూ ఉంటాయి. వాడేసిన ఆక్సిజన్ స్థానంలో కొత్తది అంత త్వరగా రాదు.

ఇంతవరకు గైడులోని జవాబు సరిగ్గానే సరిపోతుంది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, వానపాములు నీళ్లలో అంత తేలిగ్గా చావవు. ఈ సంగతి చార్లెస్ డార్విన్ 1881లోనే రాశారు. ఆయన చివరి పుస్తకం వానపాముల మీదే. ఫ్రాన్స్‌కు చెందిన పెరియర్ అనే శాస్త్రవేత్త పెద్ద వానపాములను పూర్తిగా నీళ్లలో ముంచి ఉంచితే దాదాపు నాలుగు నెలలు బతికాయని, గదిలోని పొడి గాలికి వదిలేస్తే ఒక్క రాత్రిలోనే చచ్చిపోయాయని అందులో ఉంది. అదే పుస్తకంలో గాల్టన్ లెక్క కూడా ఉంది. 1881 మార్చిలో గట్టి వాన తర్వాత లండన్‌లోని హైడ్ పార్క్ దారిలో ఆయన నడుస్తూ చచ్చిపడి ఉన్న వానపాములను లెక్కపెట్టారు. ఒకచోట పదహారు అడుగులు వేసేసరికి 45 కనిపించాయి. ఇవి నీళ్లలో మునిగి చచ్చినవి అయ్యుండవని డార్విన్ అభిప్రాయం. మునిగి చచ్చేట్టయితే బొరియల్లోనే చచ్చేవి కదా అన్నారు. అవి ముందే జబ్బుపడి ఉన్నాయని, నీరు నిండటంతో చావు త్వరగా వచ్చిందని ఆయన అనుకున్నారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. నీళ్లలో బతకడం వేరు, ఆక్సిజన్ అయిపోయిన నీళ్లలో బతకడం వేరు. గాలి తగులుతూ ఉండే నీటిలో చాలా వానపాములు రోజుల తరబడి ఉండగలవు. మట్టిలో కదలకుండా నిలిచిపోయిన నీటి సంగతి అది కాదు. కాబట్టి "నీరు నిండిందా?" అని కాక, "ఆ నీటిలో ఆక్సిజన్ ఎంత మిగిలింది, ఆ వానపాముకు ఎంత కావాలి?" అని అడగాలి.

ఈ ప్రశ్ననే సూటిగా పరీక్షించినవారు తైవాన్ పరిశోధకులు చువాంగ్, చెన్. వాళ్ల పరిశోధన 2008లో వచ్చింది. వాళ్లు రెండు జాతుల వానపాములను తీసుకున్నారు. మొదటిది ఎమింథాస్ గ్రాసిలిస్. గట్టి వాన పడిన రాత్రి ఇది నేల మీదికి వచ్చేస్తుంది. రెండోది పోంటోస్కోలెక్స్ కోరెత్రురస్. అంత వాన పడినా ఇది మట్టిలోనే ఉండిపోతుంది. ఇది దక్షిణ అమెరికా నుంచి వచ్చి ఇప్పుడు దక్షిణ భారతదేశంలో కూడా స్థిరపడిన జాతి. వాన ఒకటే అయినా ఒకటి వస్తోంది, ఒకటి రావడం లేదు. ఎందుకు?

రెండూ ఎంత ఆక్సిజన్ వాడుకుంటున్నాయో పగలూ రాత్రీ కొలిచారు. మొదటి జాతి ఎక్కువ వాడుకుంటుంది, అందులోనూ పగటి కన్నా రాత్రి ఇంకా ఎక్కువ. రెండో జాతి తక్కువతో సరిపెట్టుకుంటుంది, దానికి పగలు, రాత్రి తేడా లేదు. నీటిలో ముంచి చూస్తే రెండోదే ఎక్కువసేపు తట్టుకుంది. అంటే మట్టిలో ఆక్సిజన్ తగ్గే సమయమూ తన అవసరం పెరిగే సమయమూ ఒకటైనప్పుడు మొదటి జాతికి లోపల ఉండటం కష్టమవుతోంది. అందుకే అది వాన రాత్రుల్లో పైకి వస్తోంది. గైడులోని జవాబు కొన్ని జాతులకు వర్తిస్తుంది, అన్నిటికీ కాదు అని ఈ ప్రయోగం చూపించింది. ఇంటర్‌లో బైపీసీ చదివినవారికి ఫెరెటిమా పోస్తుమా గుర్తుండే ఉంటుంది. అది ఈ మొదటి జాతి కుటుంబానికే చెందినది. అయినా బంధువు కాబట్టి అదీ ఇలాగే చేస్తుందని కొలవకుండా చెప్పలేం.

పరిశోధకులు ఆలోచించే కారణాలు ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి ప్రయాణం. మట్టిని తొలుచుకుంటూ పోవడం నెమ్మదైన పని. నేల పైభాగం తడిగా ఉన్నప్పుడు చర్మం ఎండిపోయే భయం ఉండదు, కాబట్టి వానపాము తక్కువ సమయంలో ఎక్కువ దూరం పాకి కొత్త చోటు వెతుక్కోగలదు. ఇలా చూస్తే వాన వాటిని ఇంట్లోంచి తరమడం లేదు, దారి తెరుస్తోంది.

రెండోది నేల అదురు. అమెరికాలోని ఫ్లోరిడాలో చేపల ఎర కోసం వానపాములు పట్టేవాళ్లు నేలలో ఒక కర్ర దిగ్గొట్టి, దాని తలపై ఇనుప పట్టీతో రుద్దుతారు. నేల అదిరి వానపాములు వందల్లో పైకి వస్తాయి. కెన్నెత్ కటానియా అనే శాస్త్రవేత్త 2008లో దీని కారణం కనిపెట్టారు. అక్కడ మోల్ అనే చిన్న జంతువు మట్టిని తవ్వుకుంటూ వచ్చి వానపాములను తింటుంది. కర్ర అదురు మోల్ తవ్వే అదురులాగే ఉంటుంది, అందుకే అవి ప్రాణభయంతో పైకి పరిగెడతాయి. మరి వాన చినుకుల అదురుకు కూడా అలాగే వస్తాయా? ఆయన అదీ చూశారు. వానకు అంత గుంపుగా రాలేదు. అందువల్ల ఈ కారణం ఫ్లోరిడాలో కర్రకు సరిపోయినంతగా వానకు సరిపోవడం లేదు. పైగా మన తెలుగు నేలల్లో మోల్ ఉండదు.

ఈ మూడింటినీ విడదీసి చూడటానికి ఒక సులువైన ఆధారం ఉంది. అది సమయం. అదురే కారణమైతే వాన మొదలైన నిమిషాల్లోనే, చినుకులు పడుతుండగానే రావాలి. ప్రయాణమే కారణమైతే చిన్న జల్లుకు కూడా, నేల తడిస్తే చాలు, రావాలి. ఆక్సిజన్ కొరతే కారణమైతే నేల బాగా నాని, నీరు నిలిచి, కొన్ని గంటలు గడిచాక రావాలి. ఇసుక నేలలో నీరు త్వరగా ఇంకిపోతుంది కాబట్టి అక్కడ తక్కువగా, బంకమట్టిలో ఎక్కువగా రావాలి. ఒకే చోట రెండు కారణాలు కలిసి పనిచేయవచ్చు కూడా.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. పైకి రావడం వల్ల ఊపిరి సమస్య తీరుతుంది, కానీ సగమే. మట్టి మీదికి వచ్చినదైతే తెల్లారేలోగా మళ్లీ లోపలికి దూరిపోతుంది. టైల్స్ మీదికో సిమెంటు మీదికో వచ్చినదానికి తవ్వడానికి చోటు దొరకదు. ఎండ ఎక్కుతుంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు దానికి హాని చేస్తాయి, చర్మం ఎండుతుంది. చర్మం ఎండితే ఆక్సిజన్ కరగడానికి తడి ఉండదు. చుట్టూ గాలి ఉన్నా అది లోపలికి వెళ్లదు. పెరియర్ గదిలో ఒక్క రాత్రిలో జరిగింది ఇదే.

పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు నన్ను అడిగారు, "ఇవన్నీ బాగున్నాయి మేడమ్, పరీక్షలో ఏం రాయాలి?" న్యాయమైన ప్రశ్నే. నేను పిల్లలకు చెప్పినది ఇది: "గట్టి వాన వల్ల మట్టి సందుల్లో నీరు నిండి ఆక్సిజన్ తగ్గుతుంది. ఆక్సిజన్ ఎక్కువ అవసరమైన కొన్ని జాతుల వానపాములు అప్పుడు బయటికి వస్తాయి. తడి నేల మీద సులభంగా ప్రయాణించడం కూడా ఒక కారణం కావచ్చు." మూడే వాక్యాలు, మార్కులకూ ఢోకా లేదు. అందులో "కొన్ని జాతుల" అన్న మాట మాత్రం కొట్టేయవద్దని చెప్పాను.

ఒక అమ్మగారు ఫోన్ చేసి, వానపామును ముట్టుకుంటే పిల్లల కడుపులో పాములు పడతాయా అని అడిగారు. పడవు. కడుపులో ఉండే ఏలికపాము వేరే జీవి. వానపాము మనిషి కడుపులో బతకదు. అయితే ఏలికపాము గుడ్లు మట్టిలో ఉండే అవకాశం ఉంది కాబట్టి, మట్టి ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడం తప్పనిసరి.

ఈసారి వాన పడిన రాత్రి మీ అపార్ట్‌మెంట్ కింద పిల్లలతో కలిసి చూడండి. టార్చ్‌కు ఎర్ర గ్లాస్ పేపర్ చుట్టండి, వానపాములు ఎర్ర వెలుగును పెద్దగా పసిగట్టవు. వానాకాలం రాత్రులు అసలు పాములు కూడా తిరుగుతాయి కాబట్టి కాళ్లకు బూట్లు ఉండాలి, పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. వాన ఎప్పుడు మొదలైంది, మొదటి వానపాము ఎన్ని గంటలకు కనిపించింది, అది మట్టి మీద ఉందా టైల్స్ మీద ఉందా అన్నవి పిల్లల చేత రాయించండి. తెల్లారాక టైల్స్ మీద బతికున్నవి కనిపిస్తే తడి ఆకుతో ఎత్తి మొక్క మొదట్లో, నీడలో, నీరు నిలవని మట్టి మీద వదలండి. కొద్దిసేపట్లో తల లోపలికి దూర్చి అవే వెళ్లిపోతాయి.