జవాబు కింద ‘మార్కులు’ అని ఒక్క మాట

సంక్రాంతి సెలవులు వచ్చాయంటే మా ఫోన్లకు ఒక రకం మెసేజిలు మొదలవుతాయి. ఆశ్రమ పాఠశాల నుంచి ఇంటికెళ్ళిన పదో తరగతి పిల్లలు, అన్నదో నాన్నదో ఫోను తీసుకుని, సిగ్నల్ దొరికే గట్టు మీదకెళ్ళి పంపుతారు. అందులో ఒక జవాబు ఉంటుంది. కింద ‘మార్కులు’ అని ఒక్క మాట ఉంటుంది. ప్రశ్న ఏమిటో ఉండదు. అది ఎన్ని మార్కుల ప్రశ్నో ఉండదు. వేరే చోట రాసుకున్నది కాపీ చేసి ఇక్కడ పేస్ట్ చేసేటప్పుడు జవాబు ఒక్కటే వస్తుంది, ప్రశ్న అక్కడే ఉండిపోతుంది.

అలాంటి మెసేజికి మన ఉపాధ్యాయుల్లో రెండు రకాల బదులు చూస్తుంటాం. ఒకరు “ప్రశ్న పంపు” అని ఊరుకుంటారు. ఆ మాట పిల్లకు చేరేసరికి ఆమె గట్టు దిగి ఇంటికి పోయి ఉంటుంది. మళ్ళీ ఫోను చేతికొచ్చేది రేపో, వచ్చే సంత రోజో. ఇంకొకరు “బాగుంది, 4” అని పంపుతారు. ఆ 4 దేనికి 4? నాలుగుకా, ఎనిమిదికా? మొదటి బదులులో తప్పేమీ లేదు, కానీ ఒక రోజు పోతుంది. రెండో బదులు పిల్లకు సంతోషం ఇస్తుంది, కానీ అది మార్కు కాదు, ఉత్త అంకె. ఈ రెండింటికీ మధ్య మేము అలవాటు చేసుకున్న దారి ఒకటి ఉంది. దాన్ని ఒక జవాబు పెట్టుకుని చెబుతాం. ఇది ఏ ఒక్క పిల్ల రాసిందీ కాదు, మాకు వచ్చే జవాబుల తీరులో మేము కూర్చినది.

“1882 మద్రాసు అటవీ చట్టం వల్ల పోడు వ్యవసాయం చేయకుండ ఆపేశారు. అడవిలో కట్టెలు, పండ్లు తెచ్చుకోడానికి కూడ అడ్డు పెట్టారు. ఘాట్ రోడ్డు పనికి తీసుకెళ్ళి కూలి సరిగ ఇవ్వలేదు. అల్లూరి సీతారామరాజు గాం గంటం దొర, గాం మల్లు దొరలతో కలిసి 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు మీద దాడి చేసి తుపాకులు తీసుకున్నారు. 1924 మే 7న ఆయన్ని మంపలో కాల్చి చంపారు. మార్కులు”

మొదట ప్రశ్న ఏమై ఉంటుందో జవాబులోనే వెతకాలి. ఐదు వాక్యాల్లో మూడు కారణాలు చెబుతున్నాయి. కాబట్టి “రంప తిరుగుబాటుకు కారణాలు ఏవి?” అన్నది ఒక ఊహ. చివరి రెండు వాక్యాలు జరిగిన కథ చెబుతున్నాయి. కాబట్టి “రంప తిరుగుబాటు గురించి వివరించండి” అన్నది ఇంకో ఊహ. పొడవును బట్టి చూస్తే ఎనిమిది మార్కుల జవాబుకు ఇది చిన్నది. కానీ పొడవు గట్టి సాక్ష్యం కాదు. పెద్ద ప్రశ్నకే ఆమెకు తెలిసింది ఇంతే కావచ్చు. అందుకని మేము ఒక్క ఊహ దగ్గర ఆగం. రెండూ రాసుకుంటాం.

తర్వాత ఎన్ని మార్కుల ప్రశ్నో చూడాలి. ఆంధ్రప్రదేశ్ పదో తరగతి సాంఘిక శాస్త్రం పేపరు నూరు మార్కులది. అందులో ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5 ప్రశ్నలుంటాయి. ఐదు వాక్యాల జవాబు ఒక మార్కు ప్రశ్నకు రాసి ఉండదు. ఇక మిగిలినవి రెండు, నాలుగు, ఎనిమిది. ఈ మూడింటికీ విడివిడిగా దిద్ది చూస్తాం. ఈ పాయింట్ల పంపకం మాది, బోర్డుది కాదు. ఆ మాట పిల్లకు కూడా చెబుతాం.

కారణాలు అడిగిన రెండు మార్కుల ప్రశ్న అనుకుందాం. రెండు కారణాలు సరిగ్గా చెబితే చాలు, ఒక్కోదానికి ఒక మార్కు. ఈమె మూడు చెప్పింది. రెండుకి రెండు వస్తాయి. దాడుల సంగతి, మరణం సంగతి అడగలేదు కాబట్టి వాటికి మార్కు రాదు, పోదు. పరీక్షలో కొంత సమయం మాత్రం పోతుంది.

అదే కారణాల ప్రశ్న నాలుగు మార్కులకు వచ్చిందనుకుందాం. నాలుగు పాయింట్లు కావాలి. ఈమె దగ్గర మూడే ఉన్నాయి. నాలుగుకి మూడు.

తిరుగుబాటు గురించి వివరించమన్న ఎనిమిది మార్కుల ప్రశ్న అనుకుందాం. కారణాలకు 3, తిరుగుబాటు సాగిన తీరుకు 3, అణచివేతకూ ముగింపుకూ 2 అని పంచుకున్నాం. కారణాలు మూడూ పేరుకు చెప్పింది గానీ వివరించలేదు, అందుకని 2. సాగిన తీరులో నాయకులూ మొదటి దాడులూ ఉన్నాయి, ఆ తర్వాతి ఇరవై నెలలూ లేవు, కాబట్టి 1½. ముగింపులో తేదీ సరైనదే, చోటు సరికాదు. రాజును మంప దగ్గర పట్టుకున్నారు, కాల్చి చంపింది కొయ్యూరులో. అక్కడ ½. మొత్తం ఎనిమిదికి 4.

ఇప్పుడు మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. 2, 3, 4. అంకె పెరుగుతూ పోతోంది. కానీ రెండుకి రెండు అంటే పూర్తి జవాబు, నాలుగుకి మూడు అంటే ముప్పావు జవాబు, ఎనిమిదికి నాలుగు అంటే సగం జవాబు. అంకె పెరిగేకొద్దీ జవాబు విలువ తగ్గుతోంది. “బాగుంది, 4” అని మాత్రమే పంపితే, ఆ పిల్ల దాన్ని నాలుగుకి నాలుగు అనుకుని ఆ పాఠం అంతటితో మూసేస్తుంది. నిజానికి ఆమె దగ్గర ఉన్నది సగం పాఠం. మార్చి పరీక్షలో పెద్ద ప్రశ్నగా వచ్చినప్పుడు అది బయటపడుతుంది. అప్పటికి దిద్దుకునే వీలుండదు.

కాబట్టి మేము ఒకే మెసేజిలో ఇలా పంపుతాం: “అమ్మా, ప్రశ్న రాయలేదు కాబట్టి మూడు రకాలుగా చూశాం. కారణాలు అడిగిన రెండు మార్కుల ప్రశ్నకైతే 2. అదే నాలుగు మార్కులకైతే 3, ఇంకో కారణం కావాలి. ఎనిమిది మార్కులకు వివరించమంటే 4. రాజును మంప దగ్గర పట్టుకుని కొయ్యూరులో చంపారు, అది దిద్దుకో. ఎనిమిది మార్కులకైతే 1922 సెప్టెంబరులో దామనపల్లి దగ్గర ఏం జరిగిందో, ప్రభుత్వం ఏ దళాలను దించిందో రెండు వాక్యాలు చేర్చు. ఏ ప్రశ్నో వీలైనప్పుడు చెప్పు.” దీనికి సిగ్నల్ ఒక్కసారి దొరికితే చాలు. ఆమె తన ప్రశ్న ఏదో చూసుకుని, దానికి తగిన వాక్యం తీసుకుంటుంది.

ఆ రెండు వాక్యాలు చేరిస్తే ఏమవుతుందో కూడా చూద్దాం. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో తిరుగుబాటుదారులు మాటు వేసి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులను చంపారు. తర్వాత ప్రభుత్వం మలబారు ప్రత్యేక పోలీసులనూ అస్సాం రైఫిల్స్‌నూ మన్యంలోకి దించింది. మొదటి వాక్యంతో సాగిన తీరు 1½ నుంచి 2½ అవుతుంది. రెండో వాక్యం చేర్చి, చోటు దిద్దుకుంటే ముగింపుకు 2 పూర్తిగా వస్తాయి. మొత్తం 6½. కూలి సంగతి దగ్గర, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనిలో మనవాళ్ళ కూలి ఎలా ఎగ్గొట్టాడో ఒక్క మాట చేరిస్తే ఇంకో అర మార్కు. జవాబు అంతా తిరగరాయక్కర్లేదు. ఎక్కడ ఖాళీ ఉందో తెలిస్తే చాలు.

భాష సంగతి కూడా చెప్పాలి. ఆ జవాబులో ‘స్టేషన్లు మీద’ అని ఉంది, ‘స్టేషన్ల మీద’ అని ఉండాలి. ‘చేయకుండ’, ‘సరిగ’ అని పొట్టి అక్షరాలు ఉన్నాయి. ఇంట్లో కోయ మాటో, కువి మాటో, ఆదివాసీ ఒడియానో మాట్లాడే పిల్లల తెలుగులో ఇవి కనబడతాయి. మిగతా పిల్లల తెలుగులోనూ కనబడతాయి. సాంఘిక శాస్త్రంలో చూడాల్సింది సంగతి చేరిందా లేదా అని. చేరింది కాబట్టి మేము దానికి కోత పెట్టం. ఇదే వాక్యం తెలుగు పేపరులో రాస్తే లెక్క వేరు. కాబట్టి సంగతికి మార్కు ముందు వేసి, భాష దిద్దుబాటు కింద విడిగా రాస్తాం. రెండూ కలిపేస్తే, తనకు చరిత్ర రాదో తెలుగు రాదో ఆ పిల్లకు తెలియకుండా పోతుంది.

ఈ పద్ధతికి హద్దు కూడా ఉంది. ఫోనులో వచ్చిన జవాబుకు దస్తూరి ఉండదు, పటం ఉండదు, ఎన్ని నిమిషాల్లో రాసిందో తెలియదు. పుస్తకం చూసి రాసిందో చూడకుండా రాసిందో తెలియదు. స్పాట్ వాల్యుయేషన్‌లో దిద్దేవాళ్ళ చేతిలో పాయింట్ల వారీ కీ ఉంటుంది, మా చేతిలో ఉండదు. అందుకని “బోర్డులో నీకు ఇంత వస్తుంది” అని ఎప్పుడూ అనం. “ఈ ప్రశ్నకు, ఇన్ని మార్కులకు, ఈ పాయింట్లు చూసి ఇంత” అని మాత్రమే అంటాం. కొన్ని జవాబులకు ప్రశ్న ఊహకే అందదు. “అవును, ఎందుకంటే అక్కడ వర్షం ఎక్కువ” అని ఒక వాక్యం వస్తే ఎవరు మాత్రం ఏం దిద్దగలరు? అలాంటప్పుడు ప్రశ్న అడగడమే సరైన పని.

పంపే పిల్లలకు చెప్పేది చిన్నదే. పేస్ట్ చేసే ముందు పైన రెండు సంగతులు టైపు చేయండి: ప్రశ్నలోని మాటలు ఉన్నవి ఉన్నట్టు, పక్కన అది ఎన్ని మార్కులదో. ‘కారణాలు తెల్పండి’ అని ఉందా, ‘వివరించండి’ అని ఉందా అన్న తేడాతోనే ఐదు వాక్యాల విలువ పూర్తి నుంచి సగానికి మారడం పైన చూశారు. పరీక్ష హాల్లో కూడా ఇదే పని. కలం పెట్టే ముందు ప్రశ్నలోని ఆ మాట కింద ఒక గీత గీసి, పక్కనున్న మార్కుల అంకె చూసి, అన్ని పాయింట్లు తమ దగ్గర ఉన్నాయో లేదో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాలి.