రావద్దు అనే మాట ముందుండాలి

మా ఊరు చెవిటికల్లు. కృష్ణ ఒడ్డున ఉంది. మా యానాది కాలనీలో ఇంటర్ దాటి చదివిన ఆడపిల్లలు నా కాలంలో ఇద్దరమే. డిగ్రీ అయ్యాక నందిగామ వైపు ఒక ప్రైవేటు క్లినిక్‌లో రిసెప్షన్‌లో చేరాను. చీటీలు రాయడం, ఫోన్లు ఎత్తడం, కంప్యూటర్ నుంచి పేషెంట్లకు మెసేజ్‌లు పంపడం నా పని. ఆ మెసేజ్‌లలో ఒకటి మా పెద్దమ్మను పడేసినంత పని చేసింది. పంపింది నేనే.

ఆ మెసేజ్ ఇది: "అనివార్య కారణముల వలన ఈ రోజు అపాయింట్‌మెంట్లు ఆలస్యమగును. కలుగు అసౌకర్యమునకు చింతిస్తున్నాము."

నేను చేరకముందు నుంచీ కంప్యూటర్‌లో ఉన్న మాటలే. మా డాక్టరుగారు విజయవాడలో ఒక పెద్దాసుపత్రిలో కూడా చూస్తారు. ఆ రోజు తెల్లవారుజామున అక్కడ అత్యవసర కేసు వచ్చింది. ఆయన మధ్యాహ్నానికి గానీ రారని మాకు ఆరింటికే తెలుసు. పైవాళ్లు సరేననే దాకా ఆగి 7:40కి మీట నొక్కాను.

పెద్దమ్మకు షుగర్. ఆ రోజు పరగడుపున రక్తం ఇచ్చి డాక్టరుగారికి చూపించుకోవాలి. ఆమెకు చదువు రాదు, ఫోన్ మనవడి దగ్గర ఉంటుంది. వాడు ఎనిమిదో తరగతి. మెసేజ్ చదివి, "ఆలస్యం అవుద్దంట నానమ్మా" అన్నాడు. అప్పటికే ఆమె ఆటోలో కూర్చుంది. "అవనీలే, ఎప్పుడూ అయ్యేదేగా" అని వచ్చేసింది. ఎంత ఆలస్యమో ఎవరికీ తెలియదు. తిందామంటే రక్తం ఇవ్వాలి. మాత్ర మానేస్తే డాక్టరు తిడతాడని భయపడి తొమ్మిదింటికి మాత్ర మాత్రం వేసుకుంది. షుగర్ మాత్రల్లో కొన్ని తిండి లేకుండా వేసుకుంటే రక్తంలో చక్కెర మరీ పడిపోతుంది. పదకొండున్నరకు ఆమెకు చెమటలు పట్టి చేతులు వణికాయి, మాట తడబడింది. నర్సక్క గుర్తుపట్టి పంచదార నీళ్లు తాగించింది. పావుగంటకు తేరుకుంది.

ఆ సాయంత్రం ఆ మెసేజ్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. అందులో అబద్ధం లేదు. మర్యాద కూడా ఉంది. లేనిదల్లా పెద్దమ్మ ఇప్పుడేం చేయాలన్నదే. రావాలా, ఇంటి దగ్గర ఆగాలా? వస్తే ఎన్నింటికి? తినాలా, మానాలా? ఆలస్యం అంటే గంటా, పూటా, లేక ఇంకో రోజా? "అనివార్య కారణములు" అనగానే మనవడికి ఏదో సర్కారు నోటీసులా అనిపించి, ముఖ్యమైంది కాదని వదిలేశాడు.

కొత్తది రాద్దామని మొదలుపెట్టాను. మొదటిసారి ఇలా రాశాను: "డాక్టరుగారు అత్యవసర కేసులో ఉన్నందున మీరు ఈరోజు ఉదయం 10 గంటలకు క్లినిక్‌కు రావలసిన అవసరం లేదు." బాగుందనుకుని ఇంటికి తీసుకెళ్లి మనవడి చేత చదివించాను. వాడు తడుముకుంటూ "రావలసిన" దాకా చదివి, "పదింటికి రావాలంట" అన్నాడు. తప్పు వాడిది కాదు. మన తెలుగులో కాదు, లేదు, వద్దు అనేవి వాక్యం చివర్న వస్తాయి. వాక్యం పొడవైన కొద్దీ ఆ మాట వెనక్కి పోతుంది. ఫోన్ తెర మీద మొదట కనబడేది ఒకటి రెండు వరసలే. అక్కడ "రావలసిన" అని ఉండి, "అవసరం లేదు" కింద దాక్కుంటే అర్థం తలకిందులవుతుంది. కాబట్టి వద్దనే మాట చిన్న వాక్యంలో, అన్నిటికంటే ముందు రావాలి. కారణం తర్వాత చెప్పుకోవచ్చు.

ఇందులో ఇంకో లెక్క ఉంది. ఇంగ్లీషు అక్షరాల మెసేజ్ ఒకదానిలో 160 అక్షరాలు పడతాయి. తెలుగులో రాస్తే 70 మాత్రమే పడతాయి. గుణింతం గుర్తు, పొల్లు, సున్నా, ఖాళీ అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "డాక్టర్" అనే మాటకే ఏడు పోతాయి. 70 దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, ముక్కకు 67 చొప్పున పట్టి ముక్కకింత అని డబ్బు పడుతుంది. అందుకే క్లినిక్‌లవాళ్లు ఇంగ్లీషులోనో, పొట్టి నోటీసు భాషలోనో కానిచ్చేస్తారు. నాకు ఆ 70 వేరేలా పనికొచ్చింది. ఇంకేమీ చదవకపోయినా తెలియాల్సింది మొదటి ముక్కలోనే ఇమడాలని గీత గీసుకున్నాను. "ఈరోజు 10 గంటలకు రావద్దు. మధ్యాహ్నం 2 గంటలకు రండి." ఖాళీలు, చుక్కలు కలిపి 49. సరిపోయింది.

తర్వాత తిండి మాట. "తినండి, మందులు వేసుకోండి" అని రాయడం తేలికే గానీ, ఆ మాట రాసే హక్కు రిసెప్షన్‌లో కూర్చున్నవాళ్లకు లేదు. డాక్టరుగారిని అడిగాను. "మధ్యాహ్నం దాకా ఎవర్నీ ఖాళీ కడుపుతో ఉంచొద్దు. పరగడుపు పరీక్ష మళ్లీ వచ్చినప్పుడు చేద్దాం. ఎప్పటిలా తిని, మందులు వేసుకుని రమ్మను" అన్నారు. స్కానింగ్ కోసం ఖాళీ కడుపుతో రావాల్సినవాళ్లకు ఈ మాట నప్పదు. "మీకు ఫలానా పరీక్ష ఉంటే తినొద్దు, లేకపోతే తినండి" అని రెంటినీ ఒకే మెసేజ్‌లో కలిపితే మళ్లీ చిక్కే. వాళ్లకు వేరే మెసేజ్ పెట్టాం. ఇంకో సంగతి, జబ్బు పేరు ఎక్కడా రాయలేదు. మా కాలనీలో ఒక ఫోన్‌ను ఇంటిల్లిపాదీ చూస్తారు, పక్కింటివాళ్లు కూడా చదివిపెడతారు. ఎవరికి షుగరో, ఎవరికి టీబీయో, ఎవరికి నెల తప్పిందో క్లినిక్ చాటింపు వేయకూడదు. "మందులు" అంటే ఎవరి మందులు వాళ్లకు తెలుసు.

క్షమాపణ దగ్గర ఎక్కువసేపు ఆగాను. "అసౌకర్యం" అనే మాట మా కాలనీలో ఎవరి నోటా వినలేదు. దాని బదులు "మీ కూలి పోయినందుకు మన్నించండి" అని రాశాను. పెద్దమ్మకు చదివి వినిపిస్తే ఆమె మెత్తబడలేదు. "నా కూలి సంగతి మీకెందుకే? రావద్దని పొద్దున్నే చెబితే ఆ పూట పత్తికి పోయేదాన్నిగా" అంది. నిజమే. ఆమెకు జాలి మాట అక్కర్లేదు. ఆటో ఎక్కకముందు కబురు కావాలి. క్షమాపణ కూడా మేం చేసిన తప్పుకే చెప్పుకోవాలి. డాక్టరు ఎవరి ప్రాణమో కాపాడ్డానికి ఆగడం తప్పు కాదు. ఆరింటికి తెలిసిన సంగతిని 7:40కి చెప్పడం తప్పు.

చివరికి మెసేజ్ ఇలా తయారైంది:

"ఈరోజు 10 గంటలకు రావద్దు. మధ్యాహ్నం 2 గంటలకు రండి. ఖాళీ కడుపుతో ఉండొద్దు. ఎప్పటిలాగే తినండి, మందులు వేసుకోండి. డాక్టరుగారు అత్యవసర కేసులో ఉన్నారు. ఆలస్యంగా చెబుతున్నందుకు మన్నించండి. 2కి రాలేకపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి, రేపు ముందుగా చూస్తాం."

"ఈ నంబరుకు" అన్న తర్వాత మొదట నేను నంబరు వేయలేదు. మెసేజ్ వచ్చిన నంబరుకే చేస్తారులే అనుకున్నాను. కానీ ఇలాంటి మెసేజ్‌లు ఇంగ్లీషు అక్షరాల పేరుతో వస్తాయి, వాటికి తిరిగి ఫోన్ చేయడం కుదరదు. మనవడు నొక్కి చూసి, "పోవట్లేదక్కా" అన్నాక తెలిసింది. నంబరు చేర్చాక మొత్తం నాలుగు ముక్కలయింది. నలభై మందికి పంపితే నూట అరవై మెసేజ్‌ల ఖర్చు. యజమాని ముందు గొణిగారు. నర్సక్క పంచదార నీళ్ల రోజు గుర్తుచేస్తే ఒప్పుకున్నారు.

ఇది అప్పటికప్పుడు రాసి పంపేదీ కాదు. 2018లో ట్రాయ్ తెచ్చిన నిబంధనల ప్రకారం సంస్థలు పంపే మెసేజ్‌ల నమూనాను ముందే నమోదు చేయించి ఒప్పించుకోవాలి. గంట, కారణం వంటి మారే మాటలకు నమూనాలో చోటు వదులుతారు. నమూనాతో కలవని మెసేజ్ దారిలోనే ఆగిపోతుంది. కాబట్టి డాక్టరు ఆలస్యమైన రోజున కూర్చుని మంచి మాటలు వెతికితే లాభం లేదు. పూట ఆలస్యానికి ఒకటి, వేరే రోజుకు మారితే ఒకటి, స్కానింగ్‌వాళ్లకు ఒకటి, మూడూ ముందే నమోదు చేయించాం. రోజు మారే మెసేజ్‌లో "వచ్చే గురువారం" అని రాయలేదు. సోమవారం నాడు ఆ మాట వింటే కొందరికి ఈ వారం, కొందరికి పై వారం. వారం పేరూ తేదీ రెండూ పెట్టాం.

ఇంత చేసినా చదవలేనివాళ్లకు మెసేజ్ చాలదు. అరవై దాటినవాళ్లు, ఫోన్ వేరేవాళ్ల చేతిలో ఉండేవాళ్లు ఎవరెవరో చీటీ మీద గుర్తు పెట్టుకుంటున్నాం. వాళ్లకు మొదటి ఆటో కదిలేలోపే నేనే ఫోన్ చేస్తాను. చెప్పాక "అర్థమైందా?" అని అడగను. అడిగితే అందరూ "ఆ" అనే అంటారు. "ఇప్పుడేం చేస్తావు పెద్దమ్మా, నాకు చెప్పు" అంటాను. తిరిగి చెప్పడంలో తేడా వస్తే మళ్లీ చెబుతాను. ఒంట్లో ఎలా ఉందని కూడా అడుగుతాను. ఆయాసం, ఛాతీలో నొప్పి అంటే రెండింటి దాకా ఆగమనకూడదు. 108కి చేయమని చెప్పి వెంటనే నర్సక్కకు ఫోన్ అందిస్తాను.

ఈ పుస్తకం చదివే టీచర్లకు ఒక మాట. మన పిల్లలే ఇళ్లల్లో మెసేజ్‌లు చదివిపెట్టేది. ఆసుపత్రి నుంచో, బ్యాంకు నుంచో వచ్చినదాన్ని బళ్లో చదివించి, "ఇది విని మీ నానమ్మ ఇప్పుడేం చేయాలి?" అని అడగండి. పిల్లవాడు చెప్పలేకపోతే తప్పు వాడి చదువుదే అనుకోకండి. రాసినవాళ్లదీ కావచ్చు. నాదయింది.

పత్తి తీతలప్పుడు డాక్టరుగారికి మళ్లీ ఆలస్యమైంది. ఆరుంబావుకు మెసేజ్ వెళ్లింది, పెద్దమ్మకు ఫోన్ కూడా చేశాను. రెండింటికి ఆమె వచ్చి బల్ల మీద కూర్చుంది. కొప్పులో పత్తి పీచు అంటుకుని ఉంది. "తిన్నావా?" అన్నాను. "తిన్నా. పూట కూలి కూడా తెచ్చుకున్నా" అని కొంగు ముడి చూపించింది.