మియాబీవీ మధ్య ఓ గోలీ

మొఘల్‌పురా గల్లీలో నా చిన్ననాటి దోస్త్ జర్దోజీ కారీగర్. కార్చోబ్ మీద రోజూ పదీ పన్నెండు గంటలు వంగి కూర్చుంటాడు. నడుము పట్టేస్తే ఎవరో ట్రమడాల్ గోలీ ఇచ్చారు, 50 మిల్లీగ్రాములది. నొప్పి తగ్గింది. ఇంకో ఫాయిదా కూడా ఉందని తోటివాళ్లు చెవిలో ఊదారు: రాత్రి ‘టైమింగ్’ పెరుగుతుందట. అబద్ధం కాదు, ఆ గోలీ స్ఖలనాన్ని ఆలస్యం చేస్తుంది. నొప్పి లేనివాళ్లూ దాన్ని మింగేది ఇందుకే. 2018లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చినా, చీటీ లేకుండానే వాడికి దొరికింది.

ఒకటి కాస్తా రోజుకు ఎనిమిదైంది. నిద్ర కోసం గంజాయి సిగరెట్ తోడైంది. ఏడాది తిరిగేసరికి టైమింగ్ మాట అటుంచి, అసలు ఖ్వాహిషే లేదు. తెల్లవారుజామున వచ్చే అంగస్తంభన కూడా ఆగిపోయింది. బీవీ ఇంకో ఆడదుందని షక్ పడి మైకాకు వెళ్లింది. ఖులా మాట కూడా వచ్చింది. వీడు షరంతో ఎవరికీ చెప్పలేదు. దొంగతనంగా వయాగ్రా వేసుకున్నాడు. అది రక్తాన్ని పారిస్తుందే గానీ, మనసులో లేని కోరికను తేలేదు కదా!

“యార్, మై ఖతమ్ హోగయా” అన్నాడొక రాత్రి. దవాఖానాకు నేనే తీసుకెళ్లాను.

డాక్టర్ మొదట అడిగింది, “ఇంకేం గోలీలు వేసుకుంటున్నావు భాయ్?” అని. పొద్దున ఎనిమిదింటికి రక్తం తీయించాడు, ఆ వేళకే టెస్టోస్టిరాన్ ఎక్కువుంటుంది గనుక. కొన్ని రోజులకు మళ్లీ తీయించాడు. రెండుసార్లూ తక్కువే. వృషణాలను పనిచేయించే ఎల్‌హెచ్ హార్మోన్ కూడా తక్కువే. అంటే చెడింది కింద కాదు, పైనుంచి హుకుం రావట్లేదు. నల్లమందు జాతి గోలీలు మెదడులో ఆ హుకుంనే అణచేస్తాయి. గంజాయి మాటేమిటంటే, పరిశోధనలు రెండు రకాలుగా చెబుతున్నాయన్నాడు. అయినా రెండూ మానమన్నాడు.

టెస్టోస్టిరాన్ సూది ఇమ్మని వీడి జిద్దు. అది వీర్యకణాలను తగ్గిస్తుంది, ఇంకో బిడ్డ కావాలంటున్నావు కదా అని డాక్టర్ ఆపాడు. ఒక్కసారిగా మానొద్దు, వారానికో గోలీ తగ్గించమన్నాడు. అలా రెండు నెలలు పట్టింది. ఆవలింతలు, ముక్కు కారడం, విరేచనాలు, నిద్రలేని రాత్రులు. పైగా కలిసినప్పుడు ముందుకంటే తొందరగా అయిపోయేది. చాలామంది మళ్లీ గోలీకి తిరిగేది ఇక్కడే. కొన్ని వారాల్లో సర్దుకుంటుందని డాక్టర్ ముందే చెప్పాడు గనుక వీడు ఆగగలిగాడు. బీవీ ఈ రెండు నెలల మధ్యలోనే వచ్చేసింది. షక్ తీర్చింది నా మాటలు కాదు, రక్తం రిపోర్టు.

గోలీ పూర్తిగా మానిన ఆరో వారం, ఫజర్‌కు లేచినప్పుడు శరీరం మేల్కొని ఉందట. ఖ్వాహిష్ రావడానికి ఇంకో రెండు నెలలు. మూడో నెల పరీక్షలో హార్మోన్ మామూలుకు వచ్చింది. అందరికీ ఇంత త్వరగా రాదు, ఏళ్ల తరబడి వాడినవాళ్లకు ఇంకా ఆలస్యం కావచ్చు.

నడుము నొప్పి మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు కార్చోబ్‌ను రెండు ఇటుకల ఎత్తు లేపి, గంటకోసారి లేచి గల్లీ చివరిదాకా నడిచొస్తున్నాడు.