కార్డు మీద క్రియ రాయొద్దు

"యూరియా వేసిన వెంటనే మట్టి తియ్యమన్నారు గదండీ, నిన్ననే తీశాను. ఎక్కడివ్వాలి?" అని ఒక రైతు ఫోన్ చేశాడు. మట్టి నమూనా తీసే పద్ధతి గురించి నేను చేసిన వీడియో వాట్సాప్‌లో ఆయన దాకా వెళ్లింది. కానీ అందులో నేను చెప్పింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎరువు వేసిన వెంటనే మట్టి తీస్తే ఆ ఎరువే పరీక్షలో పడి, నేలలో లేని బలం ఉన్నట్టు చూపిస్తుంది. ఆయన సరిగ్గా వినలేదనుకుని వీడియో మళ్లీ పెట్టుకున్నాను. వినడంలో లోపమేమీ లేదు, తప్పు నేను చెప్పిన తీరులోనే ఉంది.

వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈ విషయం గట్ల మీద నిలబడి చెబుతూనే ఉన్నాను. ఎదురుగా రైతులుంటే తడుముకునేవాణ్ణి కాదు. ఫోన్ ముందు నిలబడేసరికి మాత్రం వరుస తప్పేది. బట్టీ పడదామంటే ఒక మాట మరిచిపోగానే మిగతాదంతా ఆగిపోయేది. అందుకని మొత్తం రాసుకుని, టెలిప్రాంప్టర్ యాప్‌లో పెట్టుకుని చదివాను. ఆ వాక్యం నేను రాసుకున్నది ఇలా: "యూరియా వంటి ఎరువులు వేసిన వెంటనే పొలంలోని వివిధ ప్రదేశాల నుండి మట్టి నమూనాలను సేకరించరాదు."

కాగితం మీద ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. కానీ ఫోన్ తెర మీద ఇది ఐదారు వరుసలుగా విరిగింది. చివరి మాట ఒక్కటీ ఆఖరి వరుసలో ఒంటరిగా పడింది. నేను "యూరియా వంటి ఎరువులు" అని మొదలుపెట్టినప్పుడు ఆ "సేకరించరాదు" ఇంకా తెర మీదికి రాలేదు. చేయమని చెప్పే గొంతుతోనే వాక్యం ఎత్తుకున్నాను. "రాదు" దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అయిపోయింది, వెనకే తర్వాతి వాక్యం తరుముకొస్తోంది. ఆ రెండక్షరాలూ గొంతులోనే నలిగిపోయాయి.

అవునో కాదో, చేయాలో వద్దో, అడుగుతున్నామో చెబుతున్నామో తెలుగులో క్రియ తేలుస్తుంది, ఆ క్రియ ఎక్కువగా వాక్యం చివరే వస్తుంది. మామూలుగా మాట్లాడేటప్పుడు ఇబ్బంది లేదు, ఎందుకంటే చివరికి ఏమనబోతున్నామో మనసుకు ముందే తెలుసు, గొంతు మొదటి మాట నుంచే దానికి తగ్గట్టు నడుస్తుంది. ప్రాంప్టర్ ఆ ముందుచూపును లాగేసుకుంటుంది. కింది వరుస కనబడేదాకా మనం ఏ వాక్యం చెబుతున్నామో మనకే తెలియదు. చదువుతున్నట్టుంది అని జనం అనేది ఈ గొంతునే. నవ్వుముఖం పెట్టినా చేతులు ఊపినా అది పోదు.

అందుకే ముందు మార్చుకోవాల్సింది రాత. ఆ వాక్యాన్ని ఒక రైతుకు ఎలా చెబుతానో ఫోన్‌లో రికార్డు చేసుకుని, విన్నది విన్నట్టు రాశాను. "మట్టి ఎప్పుడు తియ్యకూడదో ముందు చెబుతాను. ఎరువు వేసిన వెంటనే తియ్యకూడదు. యూరియా కావచ్చు, డీఏపీ కావచ్చు, ఏదైనా సరే." నిషేధం మొదటి వాక్యంలోకే వచ్చేసింది. ఆ తర్వాత వచ్చే మాటల్లో ఏదైనా వినబడకపోయినా అర్థం తిరగబడదు. నోటితో చెప్పేటప్పుడు మనం ఎప్పుడూ చేసే పనే ఇది. "ఎందుకంటే", "ఎలాగంటే", "ఎక్కడ వద్దంటే" అంటూ అసలు సంగతిని ముందుకు లాక్కుంటాం. కలం పట్టుకోగానే ఆ అలవాటు వదిలేసి "నుండి", "యొక్క", "సేకరించవలెను" అని రాస్తాం. ప్రాంప్టర్‌కి రాసే ఏ వాక్యమైనా ముందు నోటితో చెప్పి, ఆ తర్వాతే కాగితం మీద పెట్టాలి.

రెండో పని తెరను సరిచేసుకోవడం. ఒక వాక్యంలో ఆరేడు మాటలు దాటకుండా చూసుకుంటే అది రెండు మూడు వరుసల్లో ఇమిడి, మొదలుపెట్టేటప్పుడే క్రియ కూడా కనబడుతుంది. వరుస ఎక్కడ విరగాలో యాప్‌కి వదలకుండా అర్థం ఆగే చోట మనమే విరగ్గొట్టాలి. లేకపోతే "మట్టి" ఒక వరుసలోనూ "నమూనా" మరో వరుసలోనూ పడి, గొంతు కూడా అక్కడే ఆగుతుంది. వరుసల మధ్య ఖాళీ ఇంగ్లీషుకి పెట్టేదానికంటే ఎక్కువ కావాలి. పై వరుస ఒత్తులూ కింది వరుస గుడులూ ఒకదాన్నొకటి తగులుకుంటే కన్ను తడబడుతుంది. వేగం సంగతీ అంతే. చాలా యాప్‌లు నిమిషానికి ఇన్ని మాటలు అని అడుగుతాయి. ఆ లెక్క ఇంగ్లీషు పొట్టి మాటలది. "తీసుకోవాల్సొస్తుంది" మనకు ఒక్క మాటే, పలకడానికి మూడు ఇంగ్లీషు మాటలంత సేపు పడుతుంది. కాబట్టి స్క్రిప్టును ఒకసారి బయటికి చదివి, ఎన్ని సెకన్లు పట్టిందో చూసుకుని, యాప్‌లో మొత్తం సమయం పెట్టే వీలుంటే అదే పెట్టాలి. అది లేని యాప్‌లో వేగాన్ని బాగా తగ్గించి మొదలుపెట్టడం మేలు. తెర మనకోసం ఆగినా ఫర్వాలేదు, మనం తెర వెంట పరుగెత్తకూడదు.

కళ్ల సంగతి సులువుగా తేలుతుంది. నేను ఫోన్ అడ్డంగా పెట్టి చదివాను. అప్పుడు ముందు కెమెరా తెరకు ఒక కొసన ఉంటుంది, అక్షరాలు మధ్యలో ఉంటాయి. వీడియో అంతా నేను పక్కన ఇంకెవరితోనో మాట్లాడుతున్నట్టు వచ్చింది. కన్ను పక్కకు తిరిగితే చూసేవాళ్లు ఇట్టే పట్టేస్తారు, కాస్త కిందికి వాలితే అంతగా పట్టించుకోరు. స్టాన్‌ఫర్డ్‌లో మిల్టన్ చెన్ అనే పరిశోధకుడు వీడియో సంభాషణల మీద పరిశోధన చేసి 2002లో ఈ తేడాను ప్రచురించాడు. అందుకని ఫోన్ నిలువుగా పెట్టి, కెమెరా పైకి వచ్చేలా చూసుకుని, దానికి ఆనుకుని కిందే సన్నటి పట్టీలా అక్షరాలు వచ్చేట్టు యాప్ కిటికీని కుదించాలి. వరుసకు రెండు మూడు మాటలే పట్టాలి, అప్పుడు కనుపాపలు అటూ ఇటూ కదలవు. దూరం కూడా చూసుకోవాలి. కెమెరాకి 5 సెంటీమీటర్ల కింద ఉన్న అక్షరం 50 సెంటీమీటర్ల దూరం నుంచి చదివితే చూపు దాదాపు 6 డిగ్రీలు దిగుతుంది. మీటరు దూరం జరిగితే 3 డిగ్రీలే. ఇంకా వెనక్కి వెళ్తే అక్షరాలు పెద్దవి చేయాలి, వాక్యం తెరలో పట్టదు, మళ్లీ క్రియ కనబడకుండా పోతుంది. నాకు మీటరు దగ్గర సరిపోయింది, కాకపోతే పొలంలో గాలి హోరు ఉంటుంది కాబట్టి కాలర్ మైకు తప్పదు.

టెలిప్రాంప్టర్ 1950లో అమెరికాలో హ్యూబర్ట్ ష్లాఫ్లీ వాళ్లు తయారు చేసినప్పుడు అది మోటారుతో తిరిగే కాగితపు చుట్ట. కెమెరాకి 45 డిగ్రీల కోణంలో అద్దం పెట్టి, అక్షరాలు లెన్సు మీదే తేలేట్టు చేసే పద్ధతి ఆ తర్వాత వచ్చింది. మిర్రర్ మోడ్ అని యాప్‌లో ఉండేది ఆ అద్దం కోసమే, ఫోన్‌ని నేరుగా చూసి చదివేవాళ్లు దాన్ని ఆపేసి ఉంచాలి. అద్దం కొంటే కళ్ల సమస్య పూర్తిగా తీరుతుంది. గొంతు సమస్యకు మాత్రం దానితో పని లేదు.

గొంతుకి నాకు దొరికిన మందు కార్డులే. మొదట్లో కార్డుల మీద కూడా పూర్తి వాక్యాలే రాశాను, ఫలితం మారలేదు. వాక్యం కనబడితే మనిషి చదువుతాడు, అది ఎంత పెద్ద అక్షరాల్లో ఉన్నా ఒకటే. తర్వాత ఒక నియమం పెట్టుకున్నాను: కార్డు మీద పేర్లూ అంకెలూ మాత్రమే, క్రియ ఉండకూడదు. ఇప్పుడు మట్టి నమూనా కార్డులు ఇలా ఉంటాయి.

మొదటిది: "8–10 చోట్లు. వంకర టింకరగా. గట్టు, చెట్టు, పెంటకుప్ప, కాలువ ×."
రెండోది: "V గుంట. 15 సెం.మీ. పక్క గోడ, అంగుళం మందం, పైనుంచి కిందికి."
మూడోది: "పట్టా. నాలుగు భాగాలు. ఎదురెదురు రెండు ×. అర కిలో."
నాలుగోది: "నీడ. సంచి. పేరు, సర్వే నంబరు."

రెండో కార్డు చూసి నేను చెప్పేది ఒకసారి "ఇంగ్లీషు వి అక్షరంలా గుంట తియ్యండి, పదిహేను సెంటీమీటర్ల లోతు, అంటే జానెడు కూడా ఉండదు" అని వస్తుంది. ఇంకోసారి "లోతెంతంటే పదిహేను సెంటీమీటర్లు. గుంట తవ్విన మట్టి పక్కన పడెయ్యండి, మనకు కావాల్సింది దాని గోడ మీది మట్టి" అని వస్తుంది. రెండింటిలోనూ క్రియ నాదే, అప్పటికప్పుడు పుట్టిందే. దాన్ని పుట్టించాలంటే వాక్యం చివరిదాకా మనసులో చూడాల్సిందే. అందుకే గొంతు మొదటి నుంచీ సరైన దారిలో నడుస్తుంది. వద్దు అని చెప్పాల్సిన చోట గుణకారం గుర్తు ఒక్కటే పెట్టుకుంటాను. ఆ గుర్తున్న మాట పలికేటప్పుడు చెయ్యి కూడా దానంతటదే అడ్డంగా ఊగుతుంది.

కార్డు అంటే అరచేతిలోది కాదు. ఏ4 కాగితం అడ్డంగా పెట్టి, లావుపాటి నల్ల మార్కరుతో మూడు నాలుగు వరుసలే రాసి, స్టాండుకి ఫోన్ కిందే క్లిప్పుతో తగిలిస్తాను. అసలు కిటుకు చూసే పద్ధతిలో ఉంది. కళ్లు కార్డు మీద ఉన్నంతసేపూ నోరు మూసుకోవాలి. కిందికి చూసి, ఒక అంశం తీసుకుని, తల ఎత్తి, లెన్సు వైపు చూశాకే మాట్లాడాలి. నేను మౌనానికి భయపడి చూస్తూనే మాట్లాడేవాణ్ణి, దాంతో ఆ ముక్కను తీసేయడానికి వీలయ్యేది కాదు. ఇప్పుడు కార్డుకీ కార్డుకీ మధ్య రెండు సెకన్ల నిశ్శబ్దం వస్తుంది. మా మేనల్లుడు ఎడిటింగులో అక్కడే కోసి, గుంట తవ్వుతున్న దృశ్యం వేస్తాడు. అతుకు కనబడదు.

పూర్తయ్యాక రెండు విడతలుగా చూస్తాను. శబ్దం తీసేసి బొమ్మ ఒక్కటీ చూస్తే కళ్ల తప్పులు బయటపడతాయి. తర్వాత ఫోన్ బోర్లించి శబ్దం ఒక్కటీ వింటాను. వాక్యాలన్నీ ఒకే ఎత్తు నుంచి ఒకే లోతుకి దిగుతుంటే అది చదివినదే. అర్థం లేని చోట విరామం వినబడితే అక్కడ తెర మీద వరుస విరిగిందన్నమాట. రెండూ కలిపి చూస్తే ముఖం గొంతుని కప్పేస్తుంది.

ప్రాంప్టర్ని పూర్తిగా వదిలెయ్యలేదు. ఎకరానికి జింకు సల్ఫేటు ఎంత, మందును లీటరు నీటికి ఎన్ని మిల్లీలీటర్లు కలపాలి లాంటివి నోటికొచ్చినట్టు చెప్పకూడదు. అక్కడ ప్రతి మాటా రాసినట్టే పలకాలి. అలాంటి ముక్కలు ఇరవై సెకన్లకు మించకుండా విడిగా తీస్తాను, అంకెలను అక్షరాల్లో రాసుకుంటాను. "2.5" అని కనబడితే నాలుక ఒక్క క్షణం ఆగుతుంది, "రెండున్నర" అని కనబడితే ఆగదు. ఆ కాసేపు చదువుతున్నట్టు ఉన్నా దాచను. "ఇది రాసుకున్నది చూసి చెబుతున్నానండి, మీరూ రాసుకోండి" అని ముందే అంటాను. పాత వీడియో తీసేసి కొత్తది పెట్టాక ఫోన్ చేసిన రైతుకు కూడా పంపించాను. పంట కోశాక, తర్వాతి పంటకు ఎరువు వేయకముందు మళ్లీ నమూనా తీస్తానన్నాడు.