రాష్ట్రం కింద కిటికీ

నవలలు రాసుకునేదానికి బడిపిల్లల కాగితాలతో పనేమిటని మీరడగొచ్చు. మొన్న దసరా సెలవులకి మా చెల్లెలు ఎనిమిదేళ్ళ సుపుత్రుణ్ణి వెంటబెట్టుకుని దిగిందాకా నేనూ అలాగే అనుకున్నాను.

"వీడికి చదవటం రావటంలేదక్కయ్యా. నోటితో అడిగితే అన్నీ చెప్తాడు. కాగితం ముందు పెడితే దిక్కులు చూస్తాడు. మళ్ళీ మూడో క్లాసులోనే ఉంచమంటున్నారు" అంటూ కళ్ళొత్తుకుంది. కళ్ళ డాక్టరుకి చూపిస్తే చూపు బాగానే వుందన్నాడట.

వర్కుషీటు తీసి చూశాను. ఒక్క పేజీలో ఇరవై ఖాళీలు పూరించాలి. జిరాక్సుకి మళ్ళీ జిరాక్సు! మా వంటింటి అలమరలో కూడా అంత ఇరుకు లేదు.

"ఇది చదవరా బుజ్జీ" అని 'కిటికీ' అన్న మాట మీద వేలు పెట్టాను. వాడు నీళ్ళు నమిలాడు. అప్పుడు కళ్ళజోడు పెట్టుకుని చూద్దును గదా, దాని పై వరసలో 'రాష్ట్రం' వుంది. 'ష' కిందికి దిగిన ట వత్తూ, ర వత్తూ వచ్చి 'కిటికీ' గుడుల నెత్తిన కూర్చున్నాయి. ఏది ఎవరిదో మనం అలవాటు కొద్దీ విడదీసుకుంటాం. వాడికి అదంతా ఒకటే ముద్ద. 'కథ' అన్న మాటలో 'థ' పొట్టలో చుక్క జిరాక్సులో పూడిపోయింది. చుక్క పోతే అది 'ధ' కాక మరేమవుతుంది? వాడు 'కధ' అనే చదివాడు. కనిపించింది చదివినందుకు తిట్లు తిన్నాడన్నమాట, పాపం!

ఆ రాత్రి నా నవల పక్కనపెట్టి కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఉత్సాహం ఎక్కువై అక్షరాలు 36 సైజుకి పెంచి, చుట్టూ లతలూ, పువ్వులూ పెట్టాను. పొద్దున్న వాడు చూసి, "ఇది ఒకటో క్లాసు వాళ్ళదా పెద్దమ్మా?" అన్నాడు చిన్నబుచ్చుకుని. అదీగాక 'జ్ఞాపకముంచుకున్నాడు' లాంటి మాట ఆ సైజులో వరసలో పట్టక సగానికి విరిగింది. పువ్వులన్నీ తీసేశాను.

చివరికి 20 సైజు కుదిరింది. వరసల మధ్య ఎడం రెట్టింపు చేశాను. ఇంగ్లీషుకి ఒకటిన్నర చాలంటారు గానీ, తల మీద గుడులూ కాళ్ళ కింద వత్తులూ వున్న మన అక్షరాలకి అది చాలదు. 2012లో ఇటలీ, ఫ్రాన్సు పిల్లల మీద చేసిన పరిశోధనలో అక్షరాల మధ్య ఎడం పెంచితే డిస్లెక్సియా వున్న పిల్లలు తప్పులు తగ్గించి చదివారట. అదీ చేసి చూశాను. కానీ అక్షరాల్ని జరిపి మాటల మధ్య ఖాళీ అలాగే వదిలేస్తే, ఒక మాట ఎక్కడ అయిందో, రెండోది ఎక్కడ మొదలైందో తెలియలేదు. రెండూ కలిపే పెంచాలి. కుడి అంచు సమంగా వుండాలన్న సరదా కూడా మానుకున్నాను. దానికోసం కంప్యూటరు మాటల మధ్య ఒకచోట జానెడు, ఒకచోట వెంట్రుకవాసి ఖాళీ వదులుతోంది.

ప్రశ్న ఒక్కటి మార్చలేదు. ఇరవైని అయిదేసి చొప్పున నాలుగు కాగితాలు చేసి, ఒకటి అయ్యాకే రెండోది ఇచ్చాను. "క్లాసులో అందరికీ ఒకటే కాగితం, వీడికి నాలుగా?" అంది మా చెల్లెలు. వాడు మాత్రం అయిదోది రాసి, "అయిపోయిందా?" అని కాగితం తిప్పి చూసుకున్నాడు. కాగితానికి అంతం కనబడటం వాడికి అదే మొదటిసారనుకుంటాను.

అయినా నాకు అనుమానం తీరలేదు. సమానమైన కష్టమున్న పదేసి మాటలు రెండు జాబితాలు రాశాను. అవే మాటలిస్తే వాడు గుర్తుపెట్టుకుని చెప్పేస్తాడు మరి. ఒకటి బడివాళ్ళ పద్ధతిలో ఇరికించి, రెండోది నా పద్ధతిలో ఎడంగా వేశాను. ఇరుకు దానిలో ఆరు తప్పులు చదివాడు. ఎడం దానిలో రెండు. ఆ రెండూ 'రక్షణ', 'శిక్ష'. రెండింట్లోనూ 'క్ష' దగ్గరే ఆగాడు. ఇంకా పెద్దగా రాసి చూపించినా ఆగాడు. అంటే అది ఇరుకు వల్ల వచ్చిన తప్పు కాదు, వాడికి ఆ అక్షరం అసలు రాదు. ఎంత ఎడం పెట్టినా రాని అక్షరం రాదు గదా! పలక తెచ్చి, 'క'కి 'ష' ఎలా తగులుకుంటుందో మూడు సాయంత్రాలు దిద్దించాను.

"ఈ రెండు జాబితాలూ వాళ్ళ టీచరుకి చూపించవే, తప్పులు ఎక్కడెక్కడ పడ్డాయో పెన్సిలుతో గుర్తులు పెట్టాను" అన్నాను ప్రయాణం రోజున. మా చెల్లెలు జాగ్రత్తగా మడిచి హాండుబాగులో పెట్టుకుంది.

వాడు ఈలోగా బల్ల మీద నా కొత్త నవల తెరిచి ముక్కుకి ఆనించుకుని చూస్తున్నాడు.

"పెద్దమ్మా, నీ పుస్తకంలో కూడా ఒత్తులు కిందవాళ్ళ నెత్తిమీద కూచున్నాయే?"

పేజీలు తగ్గితేగానీ గిట్టదన్నారు మా పబ్లిషరుగారు. ఆ మాట వాడితో ఎలా చెప్పను?