ముప్పై మిల్లీలీటర్ల దగ్గర ఆగాం

రాజపాళయంలో ఇంటి అరుగు మీద కూర్చుని, డాక్టరు చదువుతున్న చెల్లి కోసం ఒక సెప్సిస్ ప్రసంగాన్ని పేజీ నోట్సుగా కుదించాం.

వరస ఇది: లాక్టేట్ చూడాలి, కల్చర్‌కి రక్తం తీయాలి, షాక్ ఉంటే గంటలోపే యాంటీబయాటిక్ పడాలి. కల్చర్ కోసమని మందు ఆపకూడదు. రక్తపోటు పడిపోతే, లేదా లాక్టేట్ 4 దాటితే, మొదటి 3 గంటల్లో కిలోకి 30 మి.లీ. సెలైన్. అరవై కిలోల మనిషికి 1800 మి.లీ., అంటే అర లీటరు సీసాలు మూడున్నరకు పైనే. అప్పటికీ సగటు రక్తపోటు 65కి రాకపోతే నారెడ్రినలిన్.

"ఈ 30 అందరికీనా?" అని అడిగాం.

"అదే గొడవన్నా. 2021లో దాన్ని 'సిఫార్సు' నుంచి 'సూచన'కి దించారు" అంది చెల్లి.

2023లో వచ్చిన క్లోవర్స్ ఫలితాన్ని మేం ముందు 'తక్కువ సెలైన్ చాలు' అని రాసేశాం. చెల్లి కొట్టేసింది. అందులో అందరికీ ముందే లీటరు నుంచి మూడు లీటర్లు ఎక్కించారు. ఆ తర్వాత ఇంకా ఎక్కించినా, తగ్గించి నారెడ్రినలిన్ ముందే పెట్టినా, 90 రోజుల్లో మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. మొదటి సీసా మానేయమని అది చెప్పనే లేదు!

ఇక ఎప్పుడు ఆపాలి? ప్రతి అర లీటరుకీ ఊపిరితిత్తులు వినాలట. ఆయాసం పెరిగినా, చిటపటలు వినబడినా ఆపేయాలి. వేలి కొన నొక్కి వదిలితే 3 సెకన్లు దాటినా రంగు తిరిగి రాకపోతే, రక్తం ఇంకా సరిగా అందట్లేదని.